అరువు ఖాతా అడిగే ఉత్తరం

పప్పులు, పంచదార, నూనెల హోల్‌సేల్ వ్యాపారంలో నూటికి రెండు రూపాయలు మిగిలితే మంచి లాభం కిందే లెక్క. అలాంటి వ్యాపారి ఓ చిల్లర కొట్టుకు రెండు లక్షల సరుకు అరువిచ్చాడనుకోండి. ఆ డబ్బు రాకుండా పోతే, పోయినది పూడ్చుకోవడానికి ఇంకో కోటి రూపాయల సరుకు అమ్మాలి. ఆ కోటిలోనూ ఎవరూ ఎగ్గొట్టకూడదు. కొత్త పార్టీ వచ్చి “మాకూ ఖాతా తెరవండి” అన్నప్పుడు హోల్‌సేలర్ వెంటనే ఊ అనకపోవడానికి కారణం ఈ లెక్కే.

ఒకప్పుడు ఈ పని నోటిమాట మీద జరిగేది. ఊళ్లో తెలిసిన మనిషో, బ్రోకరో, బంధువో వెంట వచ్చి “ఆయనకు నాది పూచీ” అనేవాడు. ఆ మాట మీద చిట్టాలో కొత్త పేరు ఎక్కేది. ఇప్పుడు ఆర్డరు ఫోన్లో వెళుతోంది, సరుకు ఆటోలోనో లారీలోనో వస్తోంది, డబ్బు యూపీఐలో జమవుతోంది. విజయవాడ గొల్లపూడిలోనో, హైదరాబాద్ బేగంబజార్‌లోనో కూర్చున్న హోల్‌సేలర్ తన పార్టీల్లో చాలామంది కొట్లను ఎప్పుడూ చూసి ఉండడు. అందుకే పూచీ ఇచ్చే మనిషి చేయాల్సిన పని చాలాచోట్ల ఒక ఈమెయిల్ చేయాల్సి వస్తోంది. కొట్టు గురించి ఏమీ తెలియని మనిషికి, అయిదు నిమిషాల్లో, ఈ పార్టీకి ఎంతవరకు ఇవ్వొచ్చో తేల్చుకునే ఆధారం ఆ మెయిల్లో ఉండాలి.

చాలామంది రాసే ఉత్తరాల్లో అదే ఉండదు. “మేము ఎంతో కాలంగా నిజాయితీగా వ్యాపారం చేస్తున్నాం, మాకు అరువు సదుపాయం కల్పించగలరు” అని రాస్తారు. నిజాయితీ మాట నిజమే కావచ్చు. కానీ దాన్ని పట్టుకుని హోల్‌సేలర్ ఏ లెక్కా వేసుకోలేడు.

ఒక కొట్టు, ఒక లెక్క

ఉత్తరం ఎలా పుడుతుందో చూడటానికి తెనాలిలో ఒక కిరాణా కొట్టును ఊహించుకుందాం. రోజుకు సగటున 18 వేల అమ్మకం. నెలకు 5 లక్షల 40 వేలు. అందుకు కావలసిన సరుకు కొనుగోలు 4 లక్షల 70 వేలు. అందులో సబ్బులు, బిస్కెట్లు, టీ పొడి లాంటి కంపెనీ సరుకు 1 లక్షా 90 వేలు. ఇది డిస్ట్రిబ్యూటర్ల వ్యాన్లలో కొట్టు ముందుకే వస్తుంది. బియ్యం 65 వేలు, ఊళ్లోని మిల్లు నుంచి. మిగతా 2 లక్షల 15 వేలు కందిపప్పు, మినపగుళ్లు, శనగపప్పు, పంచదార, చింతపండు, నూనె డబ్బాలు. ఈ చివరి భాగాన్ని యజమాని నాలుగు నెలలుగా గొల్లపూడిలోని ఒక హోల్‌సేలర్ దగ్గర నగదుకు తెచ్చుకుంటున్నాడు. ఇప్పుడు అదే దుకాణంలో అరువు ఖాతా కావాలి.

ఎంత అరువు అడగాలి? ఇక్కడే చాలామంది తడబడతారు. నెలకు రెండు లక్షల చిల్లర కొంటున్నాం కాబట్టి రెండు లక్షలో, ఇంకొంచెం కలిపి మూడు లక్షలో అని గుండ్రంగా అడిగేస్తారు. అసలు చూడాల్సింది ఒకే ఒక్క అంకె. ఎక్కువలో ఎక్కువ బాకీ ఉన్న రోజున ఆ బాకీ ఎంత?

మన కొట్టు ప్రతి సోమవారం సుమారు 50 వేల సరుకు తెప్పిస్తుంది. అడిగే గడువు 21 రోజులు. మొదటి సోమవారం బిల్లు 50 వేలు, రెండోది కలిస్తే లక్ష, మూడోది కలిస్తే లక్షా యాభై వేలు. నాలుగో సోమవారానికి మొదటి బిల్లు గడువు తీరుతుంది. ఆ ఉదయం పాత బిల్లు కట్టేశాకే కొత్త సరుకు ఎక్కించుకుంటే బాకీ ఎప్పుడూ లక్షా యాభై వేలు దాటదు. సరుకు ఎక్కించుకుని సాయంత్రం కడతానంటే ఆ కొద్ది గంటల కోసం రెండు లక్షల పరిమితి కావాలి. ఒక పూట తేడాకు యాభై వేల పరిమితి ఎక్కువ అడగాల్సి వస్తుంది. కాబట్టి అడగాల్సింది లక్షా యాభై వేలే. “పాత బిల్లు కట్టాకే కొత్త లోడు” అన్న మాట దాని పక్కనే ఉండాలి.

తర్వాత తేలాల్సింది, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందనేది. వారానికి అమ్మకం 1 లక్షా 26 వేలు. వారం వారం కట్టాల్సినవి హోల్‌సేలర్‌కు 50 వేలు, కంపెనీ సరుకుకు 44 వేలు, బియ్యానికి 15 వేలు. మొత్తం 1 లక్షా 9 వేలు. మిగిలేది 17 వేలు. అద్దె, కరెంటు, పనివాడి జీతం, ఇంటి ఖర్చు అన్నీ అందులోంచే. అమ్మకంలో అయిదో వంతు ఊళ్లోవాళ్ల ఖాతాల మీదే నడుస్తోందనుకోండి. నెల మొదట్లో జీతాలు ఆలస్యమైనా, పంట డబ్బు చేతికి రాకపోయినా ఒక వారంలో పాతిక వేల దాకా వసూలు ఆగిపోవచ్చు. అప్పుడు ఆ 17 వేలు చాలవు. చిల్లర కొట్టు హోల్‌సేలర్‌కు బాకీ పడటం చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. జనం ఆ కొట్టుకు బాకీ పడతారు, కొట్టు హోల్‌సేలర్‌కు బాకీ పడుతుంది. అనుభవం ఉన్న హోల్‌సేలర్ ఫోన్ చేస్తే “మీరు ఊళ్లో ఎంత అరువు ఇస్తారు?” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి జవాబు ఉత్తరంలోనే ఇచ్చేయడం మేలు.

ఆ ఉత్తరం

ఈ లెక్కలన్నీ చేతిలో ఉంటే మెయిల్ రాయడం కష్టం కాదు. పేర్లు, నంబర్లు ఖాళీగా వదిలేస్తే అది ఇలా ఉంటుంది.

విషయం: అరువు ఖాతా కోసం – తెనాలి కిరాణా – నెల కొనుగోలు సుమారు రూ. 2.15 లక్షలు

…… గారికి నమస్కారం.

తెనాలి …… వీధిలో మాది కిరాణా కొట్టు. 11 ఏళ్లుగా అదే చోట నడుపుతున్నాం. గత నాలుగు నెలలుగా మీ దగ్గర పప్పులు, పంచదార, నూనె నగదుకు తీసుకుంటున్నాం. ఆ బిల్లుల నంబర్లు, మొత్తాలు జతచేశాను.

ఇకపై ఈ సరుకును మీ దగ్గర 21 రోజుల గడువు మీద తీసుకోవాలని అనుకుంటున్నాం. ప్రతి సోమవారం సుమారు 50 వేల ఆర్డరు ఉంటుంది. నెలకు సుమారు 2 లక్షల 15 వేలు. ఆషాఢంలో ఇది లక్షా 80 వేల దాకా తగ్గవచ్చు. దసరాకు, సంక్రాంతికి రెండున్నర లక్షలు దాటుతుంది. బాకీ పరిమితి లక్షా 50 వేలు ఇస్తే చాలు. గడువు తీరిన బిల్లు కట్టాకే కొత్త లోడు తీసుకుంటాం. దసరా, సంక్రాంతి నెలల్లో మాత్రం పరిమితి చాలకపోతే అప్పుడు విడిగా అడుగుతాం.

మాకు ఇప్పటికే అరువు ఇస్తున్నవారు ఇద్దరు. …… డిస్ట్రిబ్యూటర్స్, తెనాలి: ఆరేళ్లుగా, నెలకు సుమారు 60 వేలు, ఏడు రోజుల గడువు. …… రైస్ మిల్లు: నాలుగేళ్లుగా, నెలకు సుమారు 65 వేలు, 15 రోజుల గడువు. ఈ రోజున వాళ్లిద్దరికీ కలిపి మేం ఇవ్వాల్సింది 46 వేలు. వివరాలు చెప్పడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. వారి ఫోన్ నంబర్లు: …… , ……

మా అమ్మకాల్లో సుమారు అయిదో వంతు నెల ఖాతాల మీద నడుస్తుంది, మిగతాది నగదు, యూపీఐ. జీఎస్టీ కాంపొజిషన్ కింద నమోదై ఉన్నాం. నంబరు: …… . ఆరు నెలల కరెంటు ఖాతా స్టేట్‌మెంటు, జీఎస్టీ సర్టిఫికెట్, ఎఫ్ఎస్ఎస్ఏఐ పత్రం, కొట్టు అద్దె ఒప్పందం జతచేశాను.

మొదట లక్ష పరిమితితో మూడు నెలలు చూసి తర్వాత పెంచుతామన్నా మాకు సమ్మతమే. మీ క్యాష్ రేటు, అరువు రేటు, షరతులు, గడువు దాటితే వడ్డీ, సరుకు వాపసు పద్ధతి మెయిల్లోనే తెలియజేయండి.

ఇట్లు, ……

అంతే. ఒక పేజీ దాటదు. ఇందులో ఒక్క పొగడ్త లేదు, ప్రాధేయపడటం లేదు. అయినా చదివే మనిషికి కావలసిన అంకెలన్నీ ఉన్నాయి.

ఇందులో అన్నిటికన్నా విలువైన వాక్యం ఆషాఢంలో కొనుగోలు తగ్గుతుందన్నది. నెల కొనుగోలు ఎక్కువ చేసి రాస్తే ఎక్కువ అరువు వస్తుందని కొందరి ఆశ. అయిదు లక్షలని రాసి రెండు లక్షలు కొంటే మూడో నెలకే హోల్‌సేలర్ లెడ్జరు అసలు సంగతి చెప్పేస్తుంది. అప్పటికి పరిమితి మాత్రం అయిదు లక్షల లెక్కన ఇచ్చి ఉంటాడు. కొనుగోలు పెరగకుండా బాకీ మాత్రం పరిమితి అంచుల దాకా పెరుగుతోందంటే, ఈ సరుకు అమ్మిన డబ్బు ఇంకెక్కడికో పోతోందని అతనికి తెలిసిపోతుంది. పద్దులో ప్రమాదాన్ని ముందుగా చెప్పే గుర్తు అదే. మొదటి మూడు నెలలు చెప్పినంతా కొన్న పార్టీ మిగతా మాటలు కూడా నమ్ముతారు.

ఎవరి పేరు చెప్పాలి

రిఫరెన్సుల దగ్గర జరిగే పొరపాటు, పెద్దమనుషుల పేర్లు ఇవ్వడం. ఊరి నాయకుడు, బంధువైన ఆడిటరు, స్నేహితుడైన మరో కొట్టు యజమాని. వాళ్లందరూ మంచివాడనే చెబుతారు. హోల్‌సేలర్‌కు కావలసింది ఆ మాట కాదు. మీకు సరుకు అరువిచ్చి డబ్బు వసూలు చేసుకున్న మనిషి కావాలి. అతన్ని అడిగేవి మూడే ప్రశ్నలు. ఎప్పటినుంచి ఇస్తున్నారు? ఒక్కసారిగా ఎక్కువలో ఎక్కువ ఎంత బాకీ ఉంది? గడువుకు కడతారా, లేక నాలుగుసార్లు ఫోన్ చేయాలా?

రెండో ప్రశ్న మన తెనాలి కొట్టును కాస్త ఇబ్బంది పెడుతుంది. డిస్ట్రిబ్యూటర్‌కు ఏడు రోజుల గడువంటే బాకీ 14 వేలు దాటదు. మిల్లుకు 15 రోజులంటే 32 వేలు. ఈ ఇద్దరూ ఎంత బాగా చెప్పినా, 32 వేలు సక్రమంగా కట్టిన కొట్టు లక్షా యాభై వేలు కూడా అలాగే కడుతుందని అది రుజువు కాదు. ఉత్తరంలో “మొదట లక్ష పరిమితితో” అన్న వాక్యం అందుకే పెట్టాం. ఉన్న రుజువుకు మించి అడిగేటప్పుడు ఆ తేడాను ముందే ఒప్పుకుని, మెట్లు మెట్లుగా ఎక్కే దారి అడిగినవాడే చూపిస్తే హోల్‌సేలర్‌కు కాదనడానికి కారణం తగ్గుతుంది. నాలుగు నెలల నగదు బిల్లులు కూడా ఇక్కడ పనికొస్తాయి. ఎంత సరుకు అమ్ముకోగలరో అవి చెబుతాయి. గడువుకు కడతారా లేదా అన్నది మాత్రం అవి చెప్పలేవు.

పేరు ఇచ్చేముందు ఆ మనిషిని అడగడం మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చి “ఫలానా కొట్టు ఎలా కడుతుంది?” అంటే, ముందే చెప్పి ఉండకపోతే చాలామంది ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తారు. ఆ ముక్తసరి మాటనే అవతలివాడు చెడు కబురుగా తీసుకుంటాడు.

జీఎస్టీ నంబరు ఇవ్వడం కూడా ఒక రకంగా రిఫరెన్సే. ఆ 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రాన్ని చెబుతాయి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తర్వాతి పది పాన్ నంబరు. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే నమోదు ఎప్పటిదో, ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో, రిటర్నులు ఎప్పుడెప్పుడు దాఖలయ్యాయో ఎవరైనా చూడొచ్చు. రెండు మూడు రిటర్నులు ఆలస్యమైతే డబ్బుకు ఇబ్బంది ఉందేమోనని హోల్‌సేలర్ అనుమానిస్తాడు. ఆలస్యానికి కారణం వేరే ఉంటే ఉత్తరంలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

అరువు ధర

అరువు ఊరికే రాదు. హోల్‌సేల్ మార్కెట్లో క్యాష్ రేటు, అరువు రేటు అని రెండు ఉండటం మామూలే. క్వింటా 10 వేలున్న సరుకుకు అరువు రేటు వంద రూపాయలు ఎక్కువనుకుందాం. వందే కదా అనిపిస్తుంది. కానీ ఆ వంద 21 రోజులకు. ఏడాదిలో అలాంటి 21 రోజులు పదిహేడు సార్లకు పైగా వస్తాయి. అంటే ఏడాదికి పదిహేడు శాతం దాటిన వడ్డీ. అదే కొట్టుకు బ్యాంకులో 12 శాతానికి ఓవర్‌డ్రాఫ్ట్ ఉందనుకోండి. 50 వేల లోడుకు 21 రోజుల బ్యాంకు వడ్డీ సుమారు 345 రూపాయలు. హోల్‌సేలర్ అరువుకు పడేది 500. ఓవర్‌డ్రాఫ్ట్ ఉన్న కొట్టు నగదుకే కొనడం మంచిది. రెండు రేట్లూ ఎంతెంతో ఉత్తరంలో అడిగి తెలుసుకోకుండా ఖాతా తెరవకూడదు.

ఇంకో జాగ్రత్త ఖాళీ చెక్కు గురించి. ఖాతా తెరిచేటప్పుడు సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇమ్మని అడగడం మార్కెట్లో కొత్త కాదు. ఇష్టపూర్వకంగా ఇచ్చిన సంతకం చెక్కును తర్వాత అవతలివాళ్లు నింపినా అది బాకీ కోసం ఇచ్చిందేనన్న చట్టపరమైన భావన వర్తిస్తుందని 2019లో బీర్‌సింగ్, ముకేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని నిరూపించుకునే భారం చెక్కు ఇచ్చినవాడి మీదే పడుతుంది. ఆ చెక్కు బౌన్సయితే నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే క్రిమినల్ కేసు. రెండేళ్ల దాకా జైలుశిక్ష, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. చెక్కు ఇవ్వక తప్పకపోతే, దాని నంబరు, అది ఎంత పరిమితికి హామీగా ఇచ్చిందో మెయిల్లో రాసి, అందినట్టు జవాబు తెప్పించుకోవాలి.

మెయిల్‌కు చట్టం దగ్గర విలువ ఉందా అని అనుమానం అక్కర్లేదు. ఈమెయిళ్లలో ప్రతిపాదన, అంగీకారం పూర్తయితే అది ఒప్పందమేనని 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి “సరే, 21 రోజులు, లక్ష పరిమితి, గడువు దాటితే 18 శాతం వడ్డీ” అని హోల్‌సేలర్ పంపే రెండు వాక్యాల జవాబే రేపు ఇద్దరికీ ఒప్పంద పత్రం. దాన్ని దాచుకోవాలి.

చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు కట్టాలన్న నియమం గురించి రెండు పక్షాలకూ అపోహలున్నాయి. 2021 జులైలో చిల్లర, టోకు వర్తకాలను కూడా ఎంఎస్ఎంఈలుగా గుర్తించారు గానీ, అది ప్రాధాన్య రంగ రుణాల వరకే. కేవలం కొని అమ్మే హోల్‌సేలర్‌కు ఆ 45 రోజుల నియమం వర్తించదు. ఉద్యమ్‌లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదైన పప్పు మిల్లు నుంచి నేరుగా కొంటే సంగతి వేరు. అక్కడ ఒప్పందంలో ఎక్కువ గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. మామూలు జీఎస్టీలో ఉన్న కొట్లకు మరో గడువు ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే, దాని మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. కాంపొజిషన్‌లో ఉన్న మన తెనాలి కొట్టుకు అసలు ఇన్‌పుట్ క్రెడిట్టే లేదు కాబట్టి దీంతో పని లేదు.

ఖాతా తెరిచాక ఎక్కువ గొడవలు వచ్చేది డబ్బు కట్టకపోవడం వల్ల కంటే కట్టిన డబ్బు ఏ బిల్లుకో తెలియకపోవడం వల్ల. మూడు బిల్లులు బాకీ ఉండగా 40 వేలు యూపీఐ కొట్టి ఊరుకుంటే, గుమస్తా దాన్ని తనకు తోచిన బిల్లుకు జమేస్తాడు. తడిసిన పంచదార బస్తా వాపసు ఇస్తే దాని క్రెడిట్ నోటు రాదు. ఆరు నెలలకు రెండు లెడ్జర్ల మధ్య ఏడెనిమిది వేల తేడా తేలుతుంది. ఇద్దరూ తమ లెక్కే సరైనదంటారు. డబ్బు పంపిన ప్రతిసారీ బిల్లు నంబరు రాసి ఒక చిన్న మెయిల్ పెట్టండి. నెలాఖరున లెడ్జరు కాపీ తెప్పించుకుని సరిచూడండి. మార్చి 31 నాటి బాకీ ఇంతని రెండు వైపులా రాతపూర్వకంగా ఒప్పుకోండి. గడువుతో ఇచ్చిన సరుకు డబ్బు కోసం దావా వేయడానికి ఆ గడువు తీరిన రోజు నుంచి మూడేళ్లు కాలపరిమితి ఉంటుంది. ఆలోగా బాకీదారు బాకీని సంతకంతో ఒప్పుకుంటే ఆ మూడేళ్లు మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తాయి. కాబట్టి ఆ అంకె సరైనదో కాదో చూసుకున్నాకే ఒప్పుకోండి.

పరిమితి పెంచమని అడగడానికి తొందరపడొద్దు. ఆరు నెలల లెడ్జరులో గడువు దాటిన బిల్లు ఒక్కటీ లేదని చూసుకుని, ఆ లెడ్జరే జతచేసి రెండో మెయిల్ పంపండి. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ పేరు, మిల్లు పేరు మళ్లీ ఇవ్వక్కర్లేదు.